212 బోరు నమూనాలు, 8 కొలతలు: ప్యారలల్ కోఆర్డినేట్స్ బొమ్మలో గుంపులు ఎలా పట్టుకోవాలి?

బోరునీళ్ళు_212
విశాఖ తీరం నుంచి లోపలికి 212 బోర్ల నీటి నమూనాల షీట్ నా దగ్గరుంది. ఒక్కో వరుసకి 8 కొలతలు: పీహెచ్, విద్యుత్ వాహకత చెప్పే ఈసీ, కరిగిన లవణాలు చెప్పే టీడీఎస్, హార్డ్‌నెస్, క్లోరైడ్, సోడియం, నైట్రేట్, ఫ్లోరైడ్. ఉప్పునీరు చేరిన బోర్లు ఒక గుంపుగా విడిగా కనబడతాయేమో చూద్దామని పాండాస్‌లో `parallel_coordinates` వేశాను. ఈసీ, టీడీఎస్ దగ్గర గీతలు గోపురాల్లా లేచాయి, మిగతా ఆరు చోట్లా నేలకి అంటుకుపోయాయి. రంగు ఒకటే పెడితే ఫిషింగ్ హార్బర్‌లో కుప్పేసిన వలలా ఉంది. దీన్ని అసలు ఎక్కడ మొదలుపెట్టి చదవాలి?

కంచరపాలెం_కుర్రాడు
ఈసీ దగ్గర పెరిగి హార్డ్‌నెస్ దగ్గర తగ్గిందంటే అది ఏ నెలలో? వానలకి ముందా, తర్వాతా? నెలలు కింద రాస్తే చెప్పొచ్చు.

యారాడ_దీపం
తమ్ముడూ, అది కాలం గీత కాదు. ఎడమ నుంచి కుడికి వెళ్తుంటే రోజులు గడవడం లేదు, ఒకే నీటి నమూనాలో ఒక కొలత నుంచి పక్క కొలతకి వెళ్తున్నాం. ఈసీ, టీడీఎస్ తర్వాత హార్డ్‌నెస్ రావడం కూడా ఆవిడ కాలమ్స్ పెట్టిన వరుస వల్లే. వరుస మార్చితే ఆ దిగుడు ఎక్కుడైపోతుంది. ఒక్క గీత వాలుకి అర్థం వెతక్కూడదు. చాలా గీతలు ఒకే వాలులో కలిసి వెళ్తున్నాయా అన్నదొక్కటే చూడాలి.

కంచరపాలెం_కుర్రాడు
సరే అన్నా, అర్థమైంది. నెల మాత్రం షీట్‌లో ఉంటే చూడండి.

లాసన్స్‌బే_గీతలు
మొదటి తప్పు స్కేలుది. పాండాస్ ఫంక్షన్ ఏ కాలమ్‌నీ సర్దదు. ఎనిమిది నిలువు గీతలున్నట్టు కనిపించినా లెక్కంతా ఎడమవైపున్న ఒకే కొలబద్ద మీద జరుగుతుంది. ఈసీ వేలల్లో, పీహెచ్ 7 దగ్గర, ఫ్లోరైడ్ 1 దగ్గర ఉంటే చివరి రెండూ నేలమీదే ఉంటాయి. ఆర్ వాడేవాళ్ళకి `ggparcoord` తనే సర్దుతుంది కాబట్టి ఈ ఇబ్బంది రాదు. ఇక్కడ మనమే ప్రతి కాలమ్‌నీ దాని కనిష్ఠం 0, గరిష్ఠం 1 అయ్యేలా మార్చుకోవాలి.

అయితే అదొక్కటే చేసినా చాలదు. మీ షీట్‌లో ఈసీ కనిష్ఠం, గరిష్ఠం ఎంతో చెప్పండి. దాంతోపాటు టీడీఎస్‌ని ఈసీతో భాగించి ఏం వస్తుందో చూడండి.

బోరునీళ్ళు_212
ఈసీ కనిష్ఠం 300, గరిష్ఠం 11,400. ఆ 11,400 ఒక్కటే బోరు, మిగతావన్నీ 4,000 లోపే. టీడీఎస్ బై ఈసీ చూస్తే 212 వరుసల్లోనూ 0.64 వచ్చింది.

లాసన్స్‌బే_గీతలు
అయితే టీడీఎస్ తీసేయండి. ఎవరూ దాన్ని విడిగా కొలవలేదు, ఈసీని 0.64తో గుణించి రాశారు. ఆ రెండు నిలువు గీతల మధ్య 212 గీతలూ చదునుగా, ఒకదానితో ఒకటి సమాంతరంగా వెళ్ళి ఎంతో గట్టి సంబంధం దొరికినట్టు కనిపిస్తాయి. నిజానికి ఒకే కాలమ్‌ని రెండుసార్లు గీశాం. గుంపు వెతికేటప్పుడు ఇలాంటి జంట ఒకటున్నా కళ్ళు అక్కడికే పోతాయి.

ఇక ఆ 11,400 సంగతి. మామూలుగా 0 నుంచి 1కి సర్దితే 4,000 ఉన్న బోరు 0.33 దగ్గర పడుతుంది. అంటే ఒక్క బోరు కోసం నిలువు గీతలో మూడింట రెండొంతులు ఖాళీ, మిగతా 211 కింది భాగంలో ఇరుక్కుంటాయి. ముందు లాగ్ తీసుకుని తర్వాత సర్దితే అదే 4,000 సుమారు 0.71 దగ్గరికి వస్తుంది, కిందివాటికి ఊపిరాడుతుంది. క్లోరైడ్, సోడియం, హార్డ్‌నెస్, నైట్రేట్‌లకీ అలాగే. పీహెచ్‌కి వద్దు, అది పుట్టుకతోనే లాగ్.

```python
import numpy as np
from pandas.plotting import parallel_coordinates

cols = ["pH","F","hardness","EC","Cl","Na","NO3"]
d = df[cols].copy()
for c in ["hardness","EC","Cl","Na","NO3"]:
    d[c] = np.log10(d[c])
d = (d - d.min()) / (d.max() - d.min())
d["g"] = "all"
parallel_coordinates(d, "g", cols=cols,
                     color=["#1f4e79"], alpha=0.08)
```

ఆ `alpha` ముఖ్యం. 0.08 పెడితే ఒక్క గీత కనబడీ కనబడనట్టుంటుంది, 12 గీతలు ఒకదానిమీద ఒకటి పడినచోట 63 శాతం ముదురు వస్తుంది. వల పలచబడి, గీతలు నిజంగా కలిసి నడిచే దారులే మిగులుతాయి. 212కి ఇది సరిపోతుంది, రెండు వేల వరుసలుంటే 0.01 దగ్గర మొదలుపెట్టాలి.

బోరునీళ్ళు_212
చాలా మారిపోయింది! ఈసీ, క్లోరైడ్, సోడియం మధ్య పైన ఒక ముదురు పాయ, కింద ఒక పాయ కనిపిస్తున్నాయి. కానీ సోడియం దాటాక నైట్రేట్ దగ్గరికి ఒక్క గీత కూడా చేరలేదు. నిలువు గీత ఉంది, దాని మీద ఏమీ లేదు.

సిరిపురం_స్టాట్స్
నైట్రేట్‌లో సున్నాలున్నాయా?

బోరునీళ్ళు_212
తొమ్మిది ఉన్నాయి. ల్యాబ్ షీట్‌లో బీడీఎల్, అంటే పరికరం పట్టలేనంత తక్కువ, అని రాశారు, నేనే సున్నా పెట్టాను.

సిరిపురం_స్టాట్స్
అదే కారణం. సున్నాకి లాగ్ తీస్తే మైనస్ అనంతం. అది ఆ కాలమ్ కనిష్ఠమై కూర్చుంటే సర్దేటప్పుడు 212 విలువలూ NaN అయిపోతాయి. తొమ్మిది సున్నాలు మొత్తం కాలమ్‌ని మింగేశాయి. ఎర్రర్ రాదు కాబట్టి తెలియదు, గీతలు తెగిపోవడమే గుర్తు. ల్యాబ్ రిపోర్టులో ఆ పరికరం పట్టగలిగే కనిష్ఠ విలువ ఉంటుంది, ఆ తొమ్మిదింటికీ అందులో సగం పెట్టండి.

లాసన్స్‌బే_గీతలు
సిరిపురం గారు చెప్పింది సరిగ్గా ఉంది. ఒక్క మాట కలుపుతాను. అలా పెట్టాక ఆ తొమ్మిది గీతలూ నైట్రేట్ అడుగున ఒకే చుక్కలో కలుస్తాయి. చూడ్డానికి చక్కటి గుంపు. కానీ వాటిని కలిపింది పరికరం హద్దు, నీళ్ళు కాదు. వాటిని గుంపుగా లెక్కపెట్టొద్దు.

కంచరపాలెం_కుర్రాడు
ఇప్పుడు నాకూ కనిపిస్తోంది. క్లోరైడ్ మీద రెండు ముద్దలు, నైట్రేట్ మీద రెండు ముద్దలు. రెండు రెళ్ళు నాలుగు, కాబట్టి నాలుగు గుంపులు. పైగా నైట్రేట్‌ని క్లోరైడ్ పక్కకి జరిపి చూస్తే గీతలు తెగ అడ్డదిడ్డంగా దాటుకుంటున్నాయి, అంటే ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గుతోంది. ఏటంటారు?

యారాడ_దీపం
ముద్దలు చూడటం వరకూ కరెక్టే. దాటుకోవడం గురించి మాత్రం కాదు.

లాసన్స్‌బే_గీతలు
ముందు దాటుకోవడం సంగతి. ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గే జంటలో గీతలు రెండు నిలువు గీతల నడుమ దాదాపు ఒకేచోట దాటుకుంటాయి, నడుం బిగించి కట్టిన గడ్డిమోపులాగా. సంబంధం పూర్తిగా తిన్నగా ఉంటే అన్నీ ఒకే బిందువులో దాటుతాయి. మీకు కనిపిస్తున్నది అది కాదు. దాటుడు పైనా కిందా, ఎడమా కుడీ అంతటా చెదిరి ఉంది. నడుం లేదు. దానర్థం ఆ రెండు కొలతలకీ సంబంధం లేదని. నడుం ఉన్నదో లేదో అనుమానమైతే ఒక నిలువు గీతని తలకిందులు చేయండి. నిజంగా వ్యతిరేక సంబంధమైతే గీతలు సాఫీగా పక్కపక్కన పడుకుంటాయి. సంబంధం లేకపోతే తిప్పినా అంతే గందరగోళం.

ఇక నాలుగు గుంపులు. ఒక నిలువు గీత మీద రెండు ముద్దలుండటం ఆ కాలమ్ స్వభావం, గుంపు కాదు. గుంపు అంటే అవే వరుసలు ఒక కొలత నుంచి ఇంకో కొలతకి, అక్కణ్ణుంచి మరోదానికి విడిపోకుండా కలిసి నడవాలి. దాన్ని చూపుతో తేల్చలేం. ఎందుకంటే నిలువు గీతని తాకినచోట గీత ఏది ఎటు వెళ్ళిందో కన్ను మరిచిపోతుంది. పైనుంచి వచ్చిన గీత పైకే వెళ్ళిందా, కిందికి దిగిందా అన్నది ఆ చుక్క దగ్గర చెరిగిపోతుంది. అందుకే బ్రష్ చేయాలి.

బోరునీళ్ళు గారూ, ప్లాట్లీలో వేయండి. అక్కడ నిలువు గీత మీద మౌస్‌తో పైనుంచి కిందికి లాగితే ఆ ముక్కలోంచి వెళ్ళే గీతలే రంగుతో మిగులుతాయి. పేరు పట్టుకుని లాగితే నిలువు గీత చోటు మారుతుంది. అందులో లాగ్ కొలబద్ద లేదు కాబట్టి పైన సర్దిన `d`నే ఇవ్వండి.

```python
import plotly.express as px
px.parallel_coordinates(d, dimensions=cols).show()
```

క్లోరైడ్ పై ముద్దని బ్రష్ చేసి, అందులో ఎన్ని సోడియం పై ముద్దకి చేరాయో, ఎన్ని నైట్రేట్ పై ముద్దకి చేరాయో లెక్కపెట్టి చెప్పండి.

మధురవాడ_మేడం
బ్రష్ ఎక్కడ కోయాలి? తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో క్లోరైడ్‌కి 250, వేరే నీరు లేనప్పుడు 1,000 మిల్లీగ్రాములు అని ఉంది కదా. 250 దగ్గరేనా?

లాసన్స్‌బే_గీతలు
కాదు మేడం. 250 తాగొచ్చో లేదో చెప్పే గీత, నీళ్ళు ఎక్కడ రెండుగా చీలాయో దానికి తెలియదు. బొమ్మలో ముద్దల మధ్య ఖాళీ ఎక్కడుందో అక్కడ కోయాలి. ఖాళీ లేకుండా నిండుగా ఉంటే ఆ నిలువు గీత మీద కోయకపోవడమే మంచిది.

బోరునీళ్ళు_212
లెక్కపెట్టాను. క్లోరైడ్ పై ముద్ద 58. సోడియం పై ముద్ద మొత్తం 61, ఆ 58లో 54 అక్కడికే వెళ్ళాయి. నైట్రేట్ పై ముద్ద మొత్తం 70, ఆ 58లో 19 మాత్రమే వెళ్ళాయి. మరి ఆ 19 ఒక చిన్న గుంపు అనుకోవచ్చా?

లాసన్స్‌బే_గీతలు
దానికి ఒక పరీక్ష ఉంది. ప్రతి కాలమ్‌నీ విడివిడిగా పేకముక్కల్లా కలిపేసి మళ్ళీ గీయండి. ప్రతి నిలువు గీత మీదా ముద్దలు అలాగే ఉంటాయి, వరుసల మధ్య బంధం మాత్రం తెగిపోతుంది.

```python
import pandas as pd
rng = np.random.default_rng(7)
s = pd.DataFrame({c: rng.permutation(d[c].values)
                  for c in cols})
```

బంధం లేనప్పుడు ఎన్ని కలుస్తాయో కాగితం మీద కూడా వేయొచ్చు. క్లోరైడ్, సోడియం: 58 ఇంటూ 61 బై 212, అంటే 17 చుట్టూ. మీకు వచ్చింది 54. అది గుంపే. క్లోరైడ్, నైట్రేట్: 58 ఇంటూ 70 బై 212, అంటే 19. మీకు వచ్చిందీ 19. ఆ పంతొమ్మిదీ ఊరికే కలిసినవి. నైట్రేట్ తన దారిన తాను చీలింది, ఉప్పుతో దానికి పని లేదు. కాబట్టి కుర్రాడు చెప్పిన నాలుగు గుంపులు లేవు. ఒక గుంపు ఉంది, దాన్ని అడ్డంగా కోస్తూ సంబంధం లేని చీలిక ఇంకోటి ఉంది.

కంచరపాలెం_కుర్రాడు
కలిపేసిన బొమ్మ కూడా వేసి చూశాను. అందులోనూ పైన పాయ ఉన్నట్టే అనిపించింది, కానీ అసలు దాని పక్కన పెడితే తేడా తెలుస్తోంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడకపోతే నమ్మేసేవాణ్ణి.

గాజువాక_మిల్లు
మా డేటాలో 31 కాలమ్స్, అందులో షిఫ్ట్ ఏ బీ సీ ఒకటి. షిఫ్ట్ దగ్గర గీతలన్నీ మూడు చుక్కల్లో ముడిపడుతున్నాయి. అవే మూడు గుంపులా?

యారాడ_దీపం
కాదండి, షిఫ్ట్‌కి మూడే విలువలు కాబట్టి ముడిపడ్డాయి. షిఫ్ట్‌ని నిలువు గీతగా పెట్టకుండా గీతల రంగుగా వాడండి. తప్పదంటే ప్రతి విలువకీ కాస్త యాదృచ్ఛికంగా అటూ ఇటూ జరిపి గీయండి. 31 ఒకేసారి మాత్రం వద్దు, ఎనిమిదీ పదీ చొప్పున విడగొట్టండి.

సిరిపురం_స్టాట్స్
ఇంత చేతిపని ఎందుకు? కె-మీన్స్‌కి k=3 ఇచ్చి, వచ్చిన గుంపులకి మూడు రంగులు వేసి ఇదే బొమ్మ గీస్తే నిమిషంలో తేలుతుంది.

లాసన్స్‌బే_గీతలు
మూడు అడిగితే మూడు ఇస్తుంది, ఉన్నా లేకపోయినా. కలిపేసిన `s` మీద కూడా కె-మీన్స్ నడిపి రంగులేసి చూడండి. అక్కడా రంగులు పట్టీలుగా చక్కగా విడిపోతాయి, ఎందుకంటే దగ్గరగా ఉన్నవాటిని కలిపి కోసి పెట్టడమే దాని పని. ఆ రంగులు చూశాక కన్ను వేరేది చూడలేదు. ముందు రంగు లేకుండా బ్రష్ చేసి చూడాలి, తర్వాత కె-మీన్స్‌తో పోల్చుకోవాలి.

సిరిపురం_స్టాట్స్
212కి మీ మాట ఒప్పుకుంటాను. యాభై వేల వరుసలకి మీరు బ్రష్ పట్టుకుని కూర్చోలేరు. పైగా బ్రష్ కూడా మనిషి కోసిన కోతే, చేయి ఎక్కడ ఆపాలనుకుంటే అక్కడ ఆగుతుంది. నా దృష్టిలో రెండూ పక్షపాతమే, కె-మీన్స్‌ది కనీసం మళ్ళీ మళ్ళీ ఒకేలా చేయించగలిగే పక్షపాతం.

లాసన్స్‌బే_గీతలు
రాండమ్ సీడ్ మార్చితే అదీ మారుతుంది. సరే, దీని మీద మనిద్దరికీ కుదరదు.

బోరునీళ్ళు గారూ, ఇంకో జాగ్రత్త. ఈసీ, క్లోరైడ్, సోడియం పక్కపక్కన పెట్టబట్టి పాయ అంత చదునుగా వచ్చింది. ఆ వరుస నేనే ఇచ్చాను, అది ఆ గుంపుకి అనుకూలమైన వరుస. ఏడు కాలమ్స్‌కి 21 జంటలు, ఒక్క వరుసలో పక్కపక్కన కనబడేవి ఆరే. నాలుగు వరుసలు సరిగ్గా ఎంచుకుంటే అన్ని జంటలూ ఒక్కసారైనా పక్కపక్కన వస్తాయి. హార్డ్‌నెస్‌ని క్లోరైడ్ పక్కకి ఒకసారి తెచ్చి ఆ 58నే బ్రష్ చేయండి.

బోరునీళ్ళు_212
పాయ రెండుగా చీలింది! 41 హార్డ్‌నెస్ పైకి వెళ్ళాయి, 17 కిందికి దిగాయి. ముందు వరుసలో క్లోరైడ్‌కీ హార్డ్‌నెస్‌కీ మధ్య ఈసీ ఉండటంతో ఇది అసలు కనబడలేదు.

మధురవాడ_మేడం
ఇది నీటి సంగతి, నేను చెప్తాను. సముద్రపు నీరు కొత్తగా బోరులోకి చొరబడేటప్పుడు దానిలోని సోడియంని బంకమట్టి పట్టుకుని, తన దగ్గరున్న కాల్షియంని వదులుతుంది. అందుకే హార్డ్‌నెస్ పెరుగుతుంది, సోడియం బై క్లోరైడ్ సముద్రంలో ఉన్నదానికన్నా తగ్గుతుంది. సముద్రపు నీటిలో ఆ నిష్పత్తి మిల్లీగ్రాముల్లో 0.55 దగ్గర. ఉప్పెక్కిన నేలలోకి మంచినీరు తిరిగి చేరేటప్పుడు దీనికి రివర్స్. మట్టి సోడియంని వదిలి కాల్షియంని పట్టుకుంటుంది, హార్డ్‌నెస్ తగ్గి నిష్పత్తి పెరుగుతుంది. కాబట్టి ఆ నిష్పత్తిని ఎనిమిదో నిలువు గీతగా చేర్చి హార్డ్‌నెస్ పక్కన పెట్టండి. టీడీఎస్ తీసేసిన చోటు ఖాళీగానే ఉందిగా.

లాసన్స్‌బే_గీతలు
మంచి సలహా. నిష్పత్తిని సర్దకముందున్న మిల్లీగ్రాముల నుంచి వేయండి, `d`లోని 0 నుంచి 1 విలువల నుంచి కాదు. ఆ నిలువు గీత మీద 0.55 ఎక్కడ పడుతుందో ఒక గుర్తు కూడా పెట్టుకోండి.

బోరునీళ్ళు_212
పెట్టాను. హార్డ్‌నెస్ ఎక్కువున్న 41లో 37 గీతలు 0.55 కిందికి దిగాయి. ఆ రెండు నిలువు గీతల మధ్య మీరు చెప్పిన నడుం స్పష్టంగా ఉంది. తక్కువున్న 17లో 12 పైకి వెళ్ళాయి, 5 మధ్యలో చెదిరాయి. బొమ్మలో వాడకుండా పక్కన పెట్టిన తీరం దూరం కాలమ్ ఇప్పుడు తెరిచాను: ఆ 37లో 33 ఒడ్డుకి కిలోమీటరున్నర లోపు. ఆ 12 మాత్రం ఒడ్డునా లోపలా రెండుచోట్లా ఉన్నాయి.

యారాడ_దీపం
బొమ్మలో లేని కాలమ్ కూడా అటే చూపించిందంటే ఆ 37 నిలబడ్డట్టే. 12ని ఇంకా ఏ పేరుతోనూ పిలవకండి. మురుగు కలిసినా క్లోరైడ్, సోడియం రెండూ పెరుగుతాయి.

మధురవాడ_మేడం
అవును. ఆ 12లో నైట్రేట్ ఎటు వెళ్ళిందో చూడండి. మంచినీరు తిరిగి చేరడం వల్లే అయితే వానల తర్వాత తీసిన నమూనాలై ఉండే అవకాశం ఎక్కువ.

కంచరపాలెం_కుర్రాడు
నెల అడిగింది అందుకు కాకపోయినా, ఇప్పుడు కావాల్సొచ్చింది కదా మేడం!

బోరునీళ్ళు_212
ఆ 12లో నైట్రేట్ పైన 4, కింద 8. నమూనా తేదీ ఏడింటికే ఉంది, ఆ ఏడూ నవంబరు, డిసెంబరు. మిగతా ఐదింటికి తేదీ గడి ఖాళీ. పాత ఫీల్డు పుస్తకం తీసుకొచ్చి ఆ ఐదూ నింపాక రంగు తేదీని బట్టి వేసి మళ్ళీ పెడతాను.